ఒకే ఆకు, మూడు టీలు: గ్రీన్, ఊలాంగ్, బ్లాక్ టీల మధ్య తేడా ఎక్కడ పుడుతుంది?

స్వీడన్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్ 1762లో తేయాకు మొక్కను రెండు జాతులుగా విభజించారు. ఆరు రేకుల పువ్వు పూసే మొక్క ఒకటి, తొమ్మిది రేకుల పువ్వు పూసే మొక్క మరొకటి. మొదటిదాని నుంచి బ్లాక్ టీ, రెండోదాని నుంచి గ్రీన్ టీ వస్తాయని నాటి ఐరోపా నమ్మింది. చైనా తోటల్లోకి విదేశీయులకు ప్రవేశం లేని కాలం కావడంతో ఆ నమ్మకాన్ని పరీక్షించే అవకాశమూ లేకపోయింది. 1840వ దశకంలో చైనాలో పర్యటించిన స్కాట్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్, ఒకే మొక్క ఆకుతో రెండు రకాల టీలనూ తయారు చేయవచ్చని 1847లో ప్రచురించిన తన గ్రంథంలో వెల్లడించారు. తేడా మొక్కలో లేదు, కోసిన తరువాత ఆకును నడిపించే తీరులో ఉంది.

నేడు ఈ విషయం అందరికీ తెలిసినదే. అయితే కోత తరువాత ఆకులో సరిగ్గా ఏం జరుగుతుంది? పచ్చని ఆకు ఒకచోట పచ్చగానే ఎందుకు మిగులుతుంది, మరోచోట రాగి రంగుకు ఎందుకు మారుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే, కొన్న టీ పొట్లంలో ఉన్నది సరిగ్గా తయారైనదో కాదో చాలావరకు మనమే తేల్చుకోవచ్చు.

కోసిన వంకాయ ఎందుకు నల్లబడుతుంది?

వంకాయను కోసిన వెంటనే నీళ్లలో వేయడం, అరటిపువ్వును తరిగి మజ్జిగలో నానబెట్టడం తెలుగు వంటింట్లో అనాదిగా ఉన్న అలవాటు. అలా చేయకపోతే ముక్కలు నల్లబడతాయి. కత్తి తగిలిన చోట కణాలు చిట్లి, అంతవరకు వేరువేరు గదుల్లో ఉన్న రెండు పదార్థాలు కలుసుకోవడమే ఇందుకు కారణం. వాటిలో ఒకటి పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాల సమూహం. రెండోది పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము. గాలిలోని ఆక్సిజన్ తోడైతే ఈ ఎంజైము పాలీఫినాల్స్‌ను గోధుమ రంగు పదార్థాలుగా మారుస్తుంది. నీళ్లు గాలిని అడ్డుకుంటాయి. మజ్జిగలోని పులుపు ఎంజైము వేగాన్ని తగ్గిస్తుంది. వండితే ఆ వేడికి ఎంజైము పూర్తిగా నశిస్తుంది.

తేయాకులో జరిగేదీ ఇదే. లేత చిగురులో నీటిని మినహాయించిన బరువులో దాదాపు పావు వంతు, కొన్ని రకాల్లో అంతకంటే ఎక్కువ, పాలీఫినాల్సే ఉంటాయి. వీటిలో ప్రధానమైనవి కాటెచిన్లు. ఇవి కణం మధ్యలోని నీటితిత్తిలో దాగి ఉంటాయి. ఎంజైము ఆ తిత్తికి వెలుపల, హరితరేణువుల్లో ఉంటుంది. ఆకు చెక్కుచెదరనంత కాలం రెండూ ఒకదాని దరికి ఒకటి చేరవు. నలిగితే చేరతాయి. ఆ కలయికకు ఎంత అవకాశం ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయమే మూడు టీలను మూడుగా చేస్తోంది. గ్రీన్ టీలో ఆ కలయిక జరగకముందే ఎంజైమును వేడితో చంపేస్తారు. బ్లాక్ టీలో ఆకును బాగా నలిపి, మార్పు దాదాపు పూర్తయ్యాక ఆపుతారు. ఊలాంగ్‌లో ఆకు అంచులను మాత్రమే గాయపరచి, దారి మధ్యలో ఆపుతారు.

టీ పరిశ్రమ ఈ మార్పును నేటికీ ఫర్మెంటేషన్ అనే పిలుస్తోంది. కాని ఇడ్లీ పిండి పులిసినట్లు ఇక్కడ సూక్ష్మజీవుల ప్రమేయం ఏమీ లేదు. ఇది ఆక్సీకరణం మాత్రమే. సూక్ష్మజీవుల వల్ల నిజంగా పులిసే టీలు వేరే ఉన్నాయి. చైనాలోని యునాన్ ప్రాంతపు ప్యూఅర్ టీ వాటిలో ప్రసిద్ధమైనది.

తొంభై కిలోల ఆకు, మూడు దారులు

మూడు టీలనూ తయారు చేసే తోటలు డార్జిలింగ్ కొండల్లో ఉన్నాయి. అలాంటి ఒక తోటలో మే నెలాఖరున ఒక ఉదయం తొంభై కిలోల పచ్చి ఆకు కోశారనుకుందాం. దానిని ముప్ఫై కిలోల చొప్పున మూడు భాగాలు చేసి మూడు దారుల్లో నడిపిద్దాం. పచ్చి ఆకు బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. తయారైన టీలో మిగిలే తేమ మూడు శాతం దరిదాపుల్లో ఉంటుంది. అందువల్ల ఏ దారిలో వెళ్లినా ముప్ఫై కిలోల ఆకు చివరకు సుమారు ఏడు కిలోల టీ మాత్రమే అవుతుంది. బరువు తగ్గడంలో మూడింటికీ తేడా లేదు. తేడా అంతా ఆ నీరు ఏ దశలో, ఏ వేగంతో పోయిందన్న దానిలోనూ, పోయేలోపు ఆకులో ఏం జరిగిందన్న దానిలోనూ ఉంది.

మొదటి భాగం: గ్రీన్ టీ

గ్రీన్ టీ తయారీలో మొదటి పని ఎంజైమును చంపడం. ఆకును కొద్దిసేపు ఆరనిచ్చి, కొన్నిచోట్ల ఆ విరామం కూడా లేకుండా, నేరుగా వేడికి అప్పగిస్తారు. చైనాలో సంప్రదాయంగా బాగా కాగిన ఇనుప మూకుడులో ఆకును చేతులతో ఎగరేస్తూ వేయిస్తారు. జపాన్‌లో ఆవిరి పడతారు. సాధారణ సెంచా రకానికి ఈ ఆవిరి ఒక నిమిషం లోపే సరిపోతుంది. మూకుడులో వేగిన టీకి వేయించిన గింజల వాసన, ఆవిరి పట్టిన టీకి పచ్చి కూరగాయల వాసన అబ్బడానికి ఈ పద్ధతుల తేడాయే కారణం.

ఇక్కడ వేడి ఎంత ముఖ్యమో వేగం కూడా అంతే ముఖ్యం. ఆకు లోపలి ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎంజైము త్వరగా నశిస్తుంది. కాని గోరువెచ్చని స్థితిలో అదే ఎంజైము మరింత చురుగ్గా పనిచేస్తుంది. మూకుడు చాలినంత కాగకపోయినా, ఒకేసారి ఎక్కువ ఆకు కుమ్మరించినా ఆకు నెమ్మదిగా వేడెక్కుతుంది. చంపవలసిన ఎంజైమును కొన్ని నిమిషాల పాటు పోషించినట్లవుతుంది. ఫలితంగా కాడలు, ఈనెలు ఎర్రబడతాయి. మందంగా ఉండే కాడ లోపలికి వేడి చివరగా చేరుతుంది కనుక ఎరుపు ముందుగా అక్కడే కనిపిస్తుంది. వేడి మితిమీరితే మరో లోపం ఎదురవుతుంది. ఆకు అంచులు మాడి, కప్పులో పొగ వాసన వస్తుంది.

ఎంజైము నశించిన తరువాత ఆకును నలిపినా, చుట్టినా ఇబ్బంది లేదు. నలిపితే కణాలు చిట్లి, టీ కాచేటప్పుడు రసం సులువుగా నీటిలోకి దిగుతుంది. రంగు మాత్రం మారదు. తరువాత ఆరబెడితే మొదటి భాగం పూర్తయినట్లే. కాటెచిన్లు చాలావరకు చెక్కుచెదరకుండా మిగలడం వల్ల దీని రుచిలో వగరు, కొద్దిపాటి చేదు ఉంటాయి. మరుగుతున్న నీరు పోస్తే ఆ చేదు ఒక్కసారిగా దిగుతుంది. అందుకే గ్రీన్ టీకి 75 నుంచి 80 డిగ్రీల నీరు, రెండు నిమిషాల సమయం చాలు.

రెండో భాగం: బ్లాక్ టీ

బ్లాక్ టీ ప్రయాణం తొందర లేకుండా మొదలవుతుంది. ఆకును పొడవాటి తొట్లలో తీగ జల్లెడల మీద పరచి, కింది నుంచి గాలి పంపుతూ రాత్రంతా, అంటే 12 నుంచి 18 గంటలు, వాడబెడతారు. ముప్ఫై కిలోల ఆకు ఈ దశలో సాధారణంగా పదిహేడు కిలోల దాకా తగ్గుతుంది. డార్జిలింగ్‌లో తొలి చిగురు కాలంలో ఇంకా ఎక్కువగా వాడనిస్తారు. ఇది కేవలం నీరు పోగొట్టే పని కాదు. ఆకు ఇంకా జీవించే ఉంటుంది. నీరు తగ్గుతుంటే తనలోని మాంసకృత్తులను, చక్కెరతో ముడిపడి ఉన్న సుగంధ పదార్థాలను విడగొట్టడం మొదలుపెడుతుంది. బ్లాక్ టీలోని పూల పరిమళానికి పునాది ఈ రాత్రే పడుతుంది.

తరువాత ఆకును రోలింగ్ యంత్రంలో నలుపుతారు. చాలినంత వాడని ఆకు ఇక్కడ మెలిపడకుండా ముక్కలవుతుంది. రసం కారిపోతుంది. అతిగా వాడిన ఆకు పెళుసై పొడి అవుతుంది. సరిగ్గా వాడిన ఆకును పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలుస్తుంది, వదిలితే మెల్లగా విచ్చుకుంటుంది. తోటల్లో ఆకును చేత్తో పట్టి చూసే పరీక్ష ఇదే.

నలిగిన ఆకును చల్లని, తేమ నిండిన గదిలో పలుచగా పరుస్తారు. కాటెచిన్లు, ఎంజైము, ఆక్సిజన్ ఇప్పుడు కలుసుకుంటాయి. ముందుగా థియాఫ్లేవిన్లు అనే పదార్థాలు ఏర్పడతాయి. బంగారు వర్ణం, కప్పులోని మెరుపు, నాలుకను చురుక్కుమనిపించే గుణం వీటివే. సమయం గడిచేకొద్దీ థియారూబిజిన్లు అనే ఎర్రని గోధుమ రంగు పదార్థాలు పెరుగుతాయి. రంగు చిక్కదనం, నోటికి నిండుగా తోచే గుణం వీటి వల్ల వస్తాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. థియాఫ్లేవిన్లు ఒక దశ వరకు పెరిగి, ఆ తరువాత తాము కూడా ముదురు రంగు పదార్థాలుగా మారిపోతూ తగ్గడం మొదలుపెడతాయి. ముందే ఆపితే టీ పచ్చివాసనతో కటువుగా ఉంటుంది. ఆలస్యంగా ఆపితే రంగు ఉంటుంది కాని జీవం ఉండదు. గది వేడెక్కితే ఈ క్షీణత మరింత త్వరగా వస్తుంది. అందుకే మైదాన ప్రాంతాల ఫ్యాక్టరీలు గదిలో నీటి తుంపరలు చల్లి ఉష్ణోగ్రతను అదుపు చేస్తాయి.

ఆపే క్షణాన్ని నిర్ణయించడానికి గడియారం ఒక్కటే చాలదు. ఆకు పచ్చదనం వీడి కొత్త రాగి నాణెం రంగుకు వస్తుంది. పచ్చి గడ్డి వాసన పోయి, పండు వాసన తగులుతుంది. ఆర్థొడాక్స్ పద్ధతిలో ఇందుకు సాధారణంగా రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. అప్పుడు ఆకును వంద డిగ్రీల దరిదాపుల వేడిగాలిలో అరగంట లోపు ఆరబెడతారు. గ్రీన్ టీలో మొదటి నిమిషంలోనే చనిపోయిన ఎంజైము ఇక్కడ చివరి దశలో చనిపోతుంది.

మన ఇళ్లలో, హోటళ్లలో పాలు కలిపి కాచే టీ పొడి కూడా బ్లాక్ టీయే. కాకపోతే అది సీటీసీ పద్ధతిలో తయారవుతుంది. 1930లో అస్సాంలోని అంగూరీ తోటలో విలియం మెక్‌కర్చర్ ఈ యంత్రాన్ని రూపొందించారు. ఎదురెదురుగా వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ల రోలర్ల మధ్య ఆకు నలిగి, చిరిగి, గుండ్రని రవ్వగా మారుతుంది. దాదాపు ప్రతి కణమూ చిట్లడం వల్ల గంటల్లో జరిగే మార్పు గంట, గంటన్నర లోపే ముగుస్తుంది. సున్నితమైన పరిమళం తగ్గుతుంది కాని రంగు, చిక్కదనం పెరుగుతాయి. పాలు పోసినా నిలిచే రంగు, రుచి దానికి ఇలా వచ్చినవే. దేశంలో ఏటా తయారయ్యే సుమారు 130 కోట్ల కిలోల టీలో అత్యధిక భాగం ఈ పద్ధతిదే. హైదరాబాద్ ఇరానీ చాయ్‌కి ఆధారమూ ఇలాంటి బ్లాక్ టీయే. గ్రీన్ టీలో పాలు పోస్తే అందవిహీనంగా తయారవడానికి కారణమూ ఇదే. పాలలోని మాంసకృత్తులు వగరును పట్టేసుకుంటాయి, వాటికి ఎదురు నిలవగల ముదురు రంగు పదార్థాలు అందులో లేవు.

మూడో భాగం: ఊలాంగ్

మూడింటిలో ఎక్కువ ఓపిక కోరేది ఊలాంగ్. చైనాలోని ఫుజియాన్ ప్రాంతం, తైవాన్ దీనికి ప్రసిద్ధి చెందినవి. అక్కడి పద్ధతినే మన మూడో భాగానికి అన్వయించి చూద్దాం. ముందుగా ఆకును కాసేపు లేత ఎండలో, తరువాత నీడలో వాడబెడతారు. తరువాత వెదురు చేటల్లోగాని, మెల్లగా తిరిగే వెదురు పీపాలోగాని ఆకును కొన్ని నిమిషాలు కుదుపుతారు. ఆకులు ఒకదానికొకటి రాసుకొని అంచులు మాత్రమే నలుగుతాయి. తరువాత గంట, రెండు గంటలు కదిలించకుండా వదిలేస్తారు. మళ్లీ కుదుపుతారు, మళ్లీ విశ్రాంతినిస్తారు. ఇలా నాలుగైదు మార్లు, తరచుగా రాత్రంతా సాగుతుంది.

విశ్రాంతి సమయంలో రెండు పనులు జరుగుతాయి. గాయపడిన అంచుల్లో ఆక్సీకరణం సాగి అవి ఎర్రబడతాయి. ఆకు మధ్యభాగం పచ్చగా, సజీవంగా మిగిలి, గాయానికి స్పందనగా కొత్త సుగంధ పదార్థాలను తయారు చేస్తుంది. మల్లె, సంపెంగ వంటి పూలను తలపించే ఊలాంగ్ పరిమళం పుట్టేది ఇక్కడే. అంటే ఊలాంగ్‌ను సగం గ్రీన్ టీ, సగం బ్లాక్ టీ అనడం సరికాదు. ఆ రెండింటిలోనూ లేని ఒక దశ, గాయపడిన ఆకు బతికి ఉండి స్పందించే దశ, ఇందులో దీర్ఘంగా సాగుతుంది.

తయారీదారు కోరుకున్న మేరకు అంచులు ఎర్రబడగానే గ్రీన్ టీలో మాదిరిగానే మూకుడులో వేయించి ఎంజైమును చంపుతారు. తరువాత చుట్టి, ఆరబెట్టి, కొన్ని రకాలను సన్నని సెగపై కాలుస్తారు. ఎక్కడ ఆపాలన్నదానికి ఒకే గీత లేదు. పది శాతం ఆక్సీకరణంతో ఆగి గ్రీన్ టీకి దగ్గరగా ఉండే ఊలాంగ్‌లు ఉన్నాయి. డెబ్బై శాతం దాకా వెళ్లి బ్లాక్ టీని తలపించేవీ ఉన్నాయి. కుదుపు ఎక్కువైతే ఆకు మొత్తం నలిగి, పరిమళం రాకముందే ఎరుపు పాకుతుంది. తక్కువైతే ఆకు వాడిపోవడమే తప్ప సువాసన పుట్టదు.

ఒకే మొక్క అన్న మాటకు హద్దులు

మూడు టీలూ ఒకే జాతి నుంచి వస్తాయన్నది నిజం. ఏ ఆకుతోనైనా మూడూ సమానంగా బాగుంటాయనుకోవడం మాత్రం పొరపాటు. కమేలియా సైనెన్సిస్ అనే ఈ జాతిలో రెండు ప్రధాన ఉపజాతులు ఉన్నాయి. చిన్న ఆకుల చైనా రకంలో కాటెచిన్లు సాపేక్షంగా తక్కువ. అది గ్రీన్ టీకి అనుకూలం. పెద్ద ఆకుల అస్సాం రకంలో కాటెచిన్లు ఎక్కువ. వాటిని మార్చకుండా ఉంచితే చేదుగా ఉంటుంది, మారిస్తే చిక్కని బ్లాక్ టీ వస్తుంది. డార్జిలింగ్ కొండల్లో, హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా లోయలో చైనా రకం మొక్కలు వేళ్లూనుకోవడం వల్లే అక్కడ గ్రీన్ టీ తయారీ కూడా సాధ్యపడింది.

కోతలోనూ తేడా ఉంది. బ్లాక్ టీకి సాధారణంగా ఒక మొగ్గ, రెండు లేత ఆకులు తుంచుతారు. ఊలాంగ్‌కు మొగ్గ విచ్చుకున్నాక, మూడు నాలుగు ఆకులతో కొంచెం ముదిరిన రెమ్మను కోస్తారు. మరీ లేత ఆకు కుదుపులకు తట్టుకోలేదు. మన ఉదాహరణలో ఒకే కోతను మూడు భాగాలు చేశాం కనుక, నిజానికి మూడో భాగం ఊలాంగ్ అవుతుంది కాని ఉత్తమమైన ఊలాంగ్ కాకపోవచ్చు.

ఫ్యాక్టరీకి చేరకముందే

ఆకు నలిగిన క్షణమే గడియారం మొదలవుతుంది. అది ఫ్యాక్టరీలోనే నలగాలన్న నియమం లేదు. దేశంలోని పచ్చి ఆకులో దాదాపు సగం చిన్న రైతుల పొలాల నుంచి వస్తోంది. వారిలో అత్యధికులకు సొంత ఫ్యాక్టరీ ఉండదు. ఆకును సంచుల్లో కూరి, వాహనంలో ఒకదానిపై ఒకటి పేర్చి, ఎండలో గంటల తరబడి తీసుకెళ్తే ఆకు తన శ్వాసక్రియ వల్లనే లోపల వేడెక్కుతుంది. నలిగిన చోట్ల ఎరుపు తిరుగుతుంది. అలా ఎర్రబడిన ఆకుతో గ్రీన్ టీ చేయడం అసాధ్యం. బ్లాక్ టీ చేసినా, అందులో కొంత భాగం ముందుగానే హద్దు దాటి ఉంటుంది కనుక కప్పు మసకగా వస్తుంది. ఫ్యాక్టరీ గేటు వద్ద ఆ ఆకుకు ధర తగ్గుతుంది. గాలి ఆడే బుట్టలు, వదులైన వల సంచులు, నీడలో రవాణా అనేవి రైతుకు అలంకారాలు కావు. ఒకసారి జరిగిన ఆక్సీకరణాన్ని వెనక్కి తిప్పే ఉపాయం ఏ యంత్రంలోనూ లేదు.

కప్పులో ఎలా గుర్తించాలి?

తయారీ ఎలా జరిగిందో పొడి ఆకు కంటే తడిసిన ఆకు బాగా చెబుతుంది. టీ కాచి వడకట్టిన తరువాత ఆకును తెల్లని పళ్లెంలో విప్పి చూడాలి. గ్రీన్ టీ ఆకు అంతటా పచ్చగా ఉండాలి. కాడలు ఎర్రగా ఉంటే ఎంజైము సకాలంలో చావలేదని అర్థం. ఊలాంగ్ ఆకు మధ్యలో పచ్చదనం, అంచున ఎర్రని గీత కనిపిస్తాయి. ముదురుగా కాల్చిన రకాల్లో మాత్రం ఈ తేడా మరుగున పడుతుంది. ఆర్థొడాక్స్ బ్లాక్ టీ ఆకు రాగి రంగులో మెరవాలి. నల్లగా, నిర్జీవంగా ఉంటే ఆక్సీకరణం హద్దు మీరినట్లు, పచ్చని మచ్చలుంటే చాలనట్లు భావించాలి. అయితే డార్జిలింగ్ తొలి చిగురు టీలో కొంత పచ్చదనం సహజం. అది లోపం కాదు.

సీటీసీ రవ్వలో ఆకు కనిపించదు కనుక డికాక్షన్‌ను చూడాలి. పాలు కలపని చిక్కని డికాక్షన్‌ను చల్లారనిస్తే మంచి టీ మబ్బు పట్టినట్లవుతుంది. థియాఫ్లేవిన్లు కెఫీన్‌తో జతకట్టి చల్లని నీటిలో కరగకుండా తేలడమే ఇందుకు కారణం. మళ్లీ వేడి చేస్తే తేటపడుతుంది. చాలామంది దీనిని కల్తీగా పొరబడతారు, నిజానికిది మెరుగైన టీకి సూచన. అసలు కల్తీని గుర్తించే సులువైన పద్ధతిని దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ప్రచారం చేస్తోంది. వడపోత కాగితంపై కొంత టీ పొడి చల్లి, నీటితో తడిపి, తరువాత పొడిని తీసి కాగితాన్ని కడిగి వెలుతురులో చూడాలి. కాగితంపై రంగు మరకలు నిలిచి ఉంటే పొడిలో అద్దిన రంగు ఉన్నట్లు.

కెఫీన్ విషయంలో ఒక అపోహను కూడా ఇక్కడే తొలగించుకోవాలి. బ్లాక్ టీలో కెఫీన్ ఎక్కువనీ, గ్రీన్ టీలో ఉండదనీ చాలామంది అనుకుంటారు. ఆక్సీకరణం కాటెచిన్లను మారుస్తుంది కాని కెఫీన్‌ను దాదాపు తాకదు. మన ఉదాహరణలోని మూడు భాగాలలోనూ కెఫీన్ ఇంచుమించు ఒకటే. కప్పులో తేడా వచ్చేది ఎంత ఆకు వేశాం, నీరు ఎంత వేడిగా ఉంది, ఎంతసేపు ఉంచామన్న వాటి వల్ల. రాత్రి నిద్ర పట్టదని బ్లాక్ టీ మానేసి అంతే చిక్కగా గ్రీన్ టీ తాగితే ప్రయోజనం పెద్దగా ఉండదు. ఆకు తక్కువ వేయడం, తక్కువసేపు ఉంచడం అందుకు మెరుగైన మార్గాలు.